నల్లగా వచ్చిందని మాత్రలు పారేశాం

ఇది కొంచెం పెద్ద పోస్టు. పైగా చాలావరకు దొడ్డికి వెళ్ళడం గురించే. అన్నం తింటూ చదివేవాళ్ళు కాసేపాగి చదవండి.

మేము అంటే ఐదుగురం. పాడేరు ఏజెన్సీలో ఐదు వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చి, ఒకే హాస్టల్లో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివాం. ఇప్పుడు తలో దిక్కున ఉన్నాం. మాలో ఒకరు నర్సింగ్ చదువుతున్నారు, కింద రాసిన లెక్కలన్నీ ఆమె సరిచూసింది. మేము చేసిన తప్పు ఇంకా చాలా హాస్టళ్ళలో పిల్లలు చేస్తున్నారని తెలుసు కాబట్టి సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నాం.

ఫస్టియర్లో జూలై నెలలో ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చి అందరికీ వేలి మీద పొడిచి రక్తం చూశారు. చిన్న మిషన్, చుక్క రక్తం పెడితే హిమోగ్లోబిన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. మా వయసు ఆడపిల్లలకి 12 ఉండాలి. 11 నుంచి 12 లోపు ఉంటే కొద్దిపాటి రక్తహీనత, 8 నుంచి 11 లోపు అయితే మధ్య రకం, 8 కంటే తగ్గితే తీవ్రం. మాలో ఇద్దరికి 12 దాటింది, ఇద్దరికి 11 పైన వచ్చింది. మూల మంచం మీద పడుకునే పిల్లకి 8.6 వచ్చింది. పేరు రాయొద్దంది కాబట్టి ఈ పోస్టులో ఆమె మూలమంచం పిల్లే.

మిషన్ చూపించకముందే మాకు తెలియాల్సింది నిజానికి. రెండో అంతస్తుకి ఎక్కేలోపు రెండుసార్లు ఆగేది. సాయంత్రం స్టడీ అవర్లో పుస్తకం మీదే తల వాల్చేసేది. గోడకి గీకిన సున్నం, పచ్చి బియ్యం తినేది. మేము దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళం. ఇలా తిండి కానివి తినాలనిపించడం కూడా ఒంట్లో ఐరన్ తగ్గినవాళ్ళలో కనిపించే గుర్తేనని తర్వాత తెలిసింది.

మాకందరికీ వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర ఎప్పుడూ ఉండేది. బడుల్లో, హాస్టళ్ళలో మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఇచ్చేది అదే. దాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మూలమంచం పిల్లకి మాత్రం అదే మాత్ర రోజుకి రెండు, మూడు నెలలపాటు వేసుకోమని ఇచ్చారు. తిన్నాక వేసుకోమన్నారు. నల్లగా వెళ్తావని ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారేమో, ఆ లైనులో, ఆ గోలలో మేము వినలేదేమో. ఏదైతేనేం, మాకు తెలియదు.

నాలుగో రోజు పొద్దున్న బాత్రూం నుంచి ఏడుస్తూ వచ్చింది.

"ఏటయిందే?"

"నల్లగా వస్తంది. తారులాగ. లోపల రకతం కారిపోతంది నాకు."

మాలో ఒకరు "మా మావయ్యకి అలాగే వచ్చింది, కేజీహెచ్‌కి తీసుకెళ్ళారు, కడుపులో పుండన్నారు" అని చెప్పేసింది. ఆ మాట అబద్ధం కాదు, కానీ అప్పుడు చెప్పాల్సింది కాదు. దానికి తోడు రెండు రోజుల నుంచి కడుపులో తిప్పుతోంది, నోట్లో ఇనుము రుచి వస్తోంది అంటూనే ఉంది. రక్తం లేదని మాత్రలిస్తే ఉన్న రక్తం పోతోందని ఐదుగురం కలిసి తీర్మానం చేసేశాం. ఆ రాత్రి నుంచి దాని మాత్రలు, సోమవారం వస్తే మా మాత్రలు కూడా, కిటికీలోంచి వెనక్కి వెళ్ళిపోయేవి. రిజిస్టర్లో మాత్రం అందరి సంతకాలు ఉండేవి.

ఆగస్టులో ఏఎన్ఎమ్ అక్క మళ్ళీ వచ్చి రక్తం చూసింది. మూలమంచం పిల్లకి 8.7.

"మాత్రలు ఏసుకున్నావా?"

"ఏసుకున్నానక్కా."

"రోజూ?"

"రోజూ."

"దొడ్డికెళ్తే నల్లగా వస్తందా?"

ఇది మూలమంచం పిల్ల ఎదురుచూడని ప్రశ్న. నల్లగా వస్తోందంటే మళ్ళీ ఏ పరీక్షలు చేస్తారోనని భయపడి "లేదక్కా, మామూలుగానే వస్తంది" అంది.

అక్క నవ్వింది. "అయితే ఏసుకోలేదన్నమాటే."

అప్పుడే ఇంకోటి కూడా జరిగింది. వారం రోజులుగా వాన. మాత్రల మీది నీలం పూత కరిగి కిటికీ కింద సిమెంటు గచ్చు మీద నీలంగా చారికలు కట్టింది. అక్క మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళి చూపించి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గదిలోకి వచ్చి మూలమంచం మీద కూర్చుని, ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమంది.

ఆమె మాకు చెప్పింది ఇది. కొన్ని మాటలు తర్వాత మేము చదువుకుని కలిపినవి.

మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది కొంచెమే. పదో వంతో, ఐదో వంతో అనుకోండి. ఒంట్లో ఐరన్ బాగా తగ్గినవాళ్ళకి కొంచెం ఎక్కువ పడుతుంది. పొట్ట దాటగానే చిన్నపేగు మొదట్లో ఒక జానెడు మేర ఉంటుంది, ఐరన్‌ని పీల్చుకునే పని ఎక్కువగా అక్కడే జరుగుతుంది. అక్కడ పట్టనిది మిగతా పేగులన్నీ తిరుక్కుంటూ కిందికి పోతుంది. పెద్దపేగులో సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. అవి గంధకం వాసన వచ్చే వాయువు తయారు చేస్తాయి, కుళ్ళిన గుడ్డు వాసన అంటామే, అదే. ఆ గంధకం, మిగిలిన ఐరన్ కలిస్తే ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. దాని రంగు నలుపు. మలానికి ఆ రంగే అంటుకుంటుంది. అంతే తప్ప అందులో రక్తం లేదు. ఒంటికి పట్టని ఐరన్ బయటికి వెళ్ళిపోతోందని దానర్థం.

అందుకే మాత్ర వేసుకున్న రెండు మూడు రోజుల్లో రంగు మారుతుంది, మానేసిన కొన్ని రోజులకి మళ్ళీ మామూలవుతుంది. వారానికొక మాత్ర వేసుకునేవాళ్ళకి ఒకటి రెండు రోజులు నల్లబడి పోతుంది, కొందరు గమనించరు కూడా. రోజూ వేసుకునేవాళ్ళలో కూడా కొందరికి ముదురు ఆకుపచ్చే వస్తుంది కానీ పూర్తి నలుపు రాదు. కాబట్టి నల్లగా రాలేదని మందు పనిచేయట్లేదని అనుకోనక్కర్లేదు. అక్క అడిగిన ప్రశ్న మా అబద్ధం పట్టుకోవడానికి మాత్రమే పనికొచ్చింది.

మరి ఆ మావయ్యకి వచ్చిన నలుపు? మేము అదే అడిగాం. ఈ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ నలుపు నిజంగానే ప్రమాదం. పొట్టలో పుండు నుంచి రక్తం కారితే అది పేగుల్లో అరిగి, కింద నుంచి తారులా వస్తుంది. మెరుస్తూ, జిగటగా, నీళ్ళు పోసినా పోకుండా అంటుకుని ఉంటుంది. వాసన భరించలేం, మామూలు వాసనలా ఉండదు. దాంతోపాటు కళ్ళు తిరగడం, గుండె దడ, చల్లటి చెమట, కడుపులో నొప్పి ఉండొచ్చు. ఐరన్ వల్ల వచ్చే నలుపు మామూలుగా గట్టిగానే ఉంటుంది, అంత జిగటగా ఉండదు, కాస్త పలచగా అయినచోట ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, వాసన ఎప్పటిలాగే ఉంటుంది. మూలమంచం పిల్ల "తారులాగ" అన్నది రంగుకి. జిగట ఉందా అని అక్క అడిగితే లేదంది.

ఎర్రగా రక్తం పడితే అది ఐరన్ వల్ల ఎప్పుడూ కాదు. తారు మలమైనా, రక్తపు వాంతి అయినా, ఎర్రటి రక్తమైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. నెలసరి నొప్పికని, ఒళ్ళు నొప్పులకని షాపులో నొప్పి బిళ్ళలు కొని తరచూ మింగేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పారాసెటమాల్ కాదు, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి. అవి పొట్టలో పుండు చేయగలవు. ఐరన్ కూడా వేసుకుంటూ ఉంటే "ఐరన్ వల్లేలే" అని నిజమైన రక్తస్రావాన్ని పట్టించుకోకుండా వదిలేసే ప్రమాదం ఉంది. తేడా మీకే తేలకపోతే ఆసుపత్రిలో మలం పరీక్ష చేసి చెప్తారు.

ఇక కడుపులో తిప్పడం. మాత్ర పొట్టలో కరిగినప్పుడు ఐరన్ పొట్ట లోపలి పొరని నేరుగా ఒరుసుకుంటుంది. అందుకే వికారం, మంట, ఒక్కోసారి వాంతి. కింద పెద్దపేగులోకి పోయిన ఐరన్ అక్కడి సూక్ష్మజీవుల లెక్క మారుస్తుంది. దాంతో కొందరికి మలబద్ధకం, కొందరికి విరేచనాలు. ఎంత ఐరన్ ఒకేసారి వెళ్తే అంత ఎక్కువ. ఇదొక చిక్కు. ఐరన్ ఒంటికి బాగా పట్టేది ఖాళీ కడుపుతోనే, కడుపుని ఎక్కువ బాధపెట్టేది కూడా ఖాళీ కడుపుతోనే. తిన్నాక వేసుకోమని చెప్పేది ఒంటికి కొంచెం తక్కువ పట్టినా మాత్ర ఆపకుండా వేసుకుంటారని. పూర్తిగా పట్టే మాత్ర కిటికీలోంచి పోయేకంటే, కొంచెం తక్కువ పట్టే మాత్ర పొట్టలోకి పోవడం నయం కదా.

మూలమంచం పిల్లకి అక్క ఇలా మార్చింది. మొదటి వారం రోజుకి ఒకటే, రాత్రి అన్నం తిన్న గంటకి, పడుకోబోయే ముందు. నిద్రలో వికారం తెలియదు. వారం తర్వాత రెండు. మలబద్ధకానికి నీళ్ళు ఎక్కువ తాగడం, ఆకుకూర, జామకాయ. నాలుగో రోజు మళ్ళీ నల్లగా వచ్చింది. ఈసారి ఐదుగురం కూర్చుని నవ్వాం. "వచ్చిందా?" "వచ్చింది." అదే మా పొద్దుటి పలకరింపు అయిపోయింది కొన్నాళ్ళు.

ఇక్కడితో అయిపోతే ఈ పోస్టు సగమే ఉండేది. సెప్టెంబర్‌లో రక్తం చూస్తే 9.3 వచ్చింది. మేము గంతులేశాం కానీ అక్క మొహం చిట్లించింది. సరిగ్గా మాత్రలు వేసుకుంటే నెలకి కనీసం 1 పెరగాలి. ఇది 0.6 మాత్రమే పెరిగింది. అలా పెరగకపోతే పైకి పంపాలి, వేరే కారణం ఉందేమో డాక్టరు చూడాలి. మూలమంచం పిల్లని ఏరియా ఆసుపత్రికి పంపింది.

అక్కడ చేసిన పరీక్షల్లో ఒకటి మనలాంటివాళ్ళకి ముఖ్యం. సికిల్ సెల్ పరీక్ష. మన ఏజెన్సీలో ఆ జబ్బు ఉంది, 2023 నుంచి దానికోసమే దేశమంతటా ఆదివాసీ ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి రక్తం తగ్గేది ఎర్రకణాలు తొందరగా విరిగిపోవడం వల్ల, ఐరన్ లేక కాదు. విరిగిన కణాల్లోని ఐరన్ ఒంట్లోనే ఉంటుంది, రక్తం ఎక్కించుకున్నవాళ్ళకైతే ఇంకా పేరుకుంటుంది. అలాంటివాళ్ళు రక్తం తక్కువ ఉంది కదా అని సొంతంగా నెలల తరబడి ఐరన్ మింగితే లాభం లేదు, కీడు కూడా జరగొచ్చు. తలసీమియా అయినా ఇదే మాట. వాళ్ళకి కూడా ఒక్కోసారి ఐరన్ తగ్గుతుంది, కానీ అది పరీక్ష చేసి డాక్టరు చెప్పాలి. గ్రూపులో ఇంకా పరీక్ష చేయించుకోనివాళ్ళు ఉంటే చేయించుకోండి. మూలమంచం పిల్లకి ఆ జబ్బు లేదని వచ్చింది. నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400, ఒకటి ఇచ్చారు. కొంకిపురుగు పేగుకి కరుచుకుని రక్తం తాగుతుంది, ఉత్తి కాళ్ళతో పొలాల్లో, తడి మట్టిలో తిరిగేవాళ్ళకి పాదాల నుంచే ఎక్కుతుంది. పురుగు ఉండగా ఐరన్ వేసుకోవడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

తిరిగొచ్చాక ఏఎన్ఎమ్ అక్క మళ్ళీ మంచం మీద కూర్చుని, రోజంతా ఏం తింటావు, ఏం తాగుతావు, ఏ టైముకి, అని ఒక్కొక్కటి అడిగింది. అప్పుడు బయటపడింది. రాత్రి మాత్ర వేసుకుంటే మర్చిపోతున్నానని మూలమంచం పిల్ల మధ్యలో టైము మార్చేసుకుంది. పొద్దున్న టిఫిన్ అవ్వగానే మెస్‌లో టీ ఇస్తారు. ఆ టీతోనే రెండు మాత్రలూ మింగేస్తోంది. ఇనుము రుచి తెలియకుండా ఉంటుందని.

అక్క మాట్లాడకుండా వంట అక్క దగ్గరికెళ్ళి పాలు పోయని టీ డికాక్షన్ అరగ్లాసు తెచ్చింది. ఇంకో గ్లాసులో కొంచెం నీళ్ళు పోసి, ఒక మాత్రని నలిపి అందులో కలిపింది. ఆ నీళ్ళని టీలో పోసింది. చూస్తుండగానే టీ నల్లబడిపోయింది, సిరాలాగ. ఇప్పటికీ మాకు ఆ గ్లాసు కళ్ళముందే ఉంది. మీరూ ఒకసారి చేసి చూడండి. చేశాక పారబోయండి, తాగకండి.

ఇది మన ఊళ్ళలో కొత్త సంగతేం కాదు. పచ్చి అరటికాయని ఇనప కత్తిపీట మీద కోస్తే కత్తి, చెయ్యి నల్లబడతాయి. కరక్కాయకి ఇనుము కలిపి పూర్వం సిరా చేసేవాళ్ళు. కాయల్లో, ఆకుల్లో ఉండే వగరే దీనికి కారణం, టానిన్ అంటారు. టీలో ఆ వగరు బోలెడు. వగరు ఐరన్‌ని పట్టుకుని కరగని ముద్దలా చేస్తుంది. కరగనిది పేగులోంచి ఒంట్లోకి వెళ్ళలేదు, నేరుగా కిందికే. భోజనంతో టీ తాగితే తిండిలో ఐరన్ ఒంటికి పట్టడం సగం దాకా, ఒక్కోసారి సగానికి మించి తగ్గిపోతుంది. కాఫీ కొంచెం నయం కానీ అదీ తగ్గిస్తుంది. మన కొండ మీద కాఫీ పండించేవాళ్ళ పిల్లలం కాబట్టి ఈ మాట రాయడం మాకు కష్టంగానే ఉంది. కానీ కాఫీ మానమనట్లేదు. తినడానికి గంట ముందు తాగితే ఏమీ కాదు. తిన్న గంటకి తాగితే మాత్రం తిండితో తాగినట్టే, ఎందుకంటే తిండి ఇంకా పొట్టలోనే ఉంటుంది. మాత్రకైనా, తిండికైనా తర్వాత రెండు గంటలు ఆగి తాగండి.

టీ మానేశాం కదా, మరి పొద్దున్న రాగి జావతో వేసుకుంటే? బలం కదా? అదీ అడిగాం. చోళ్ళలో ఐరన్ ఉంది, నిజమే. కానీ వాటిలోనే కాల్షియం చాలా ఎక్కువ, పైగా గింజల పైపొరలో ఫైటేట్ అనేది ఉంటుంది. ఈ రెండూ ఐరన్‌ని ఆపేవే. పాలూ అంతే, కాల్షియం మాత్రలూ అంతే, గ్యాస్ మాత్రలూ అంతే. కాబట్టి జావ తాగండి, పాలు తాగండి, మాత్ర మాత్రం వేరే టైములో వేసుకోండి. ఇక్కడ మన అవ్వల తెలివి ఒకటి చెప్పాలి. చోడి అంబలిని రాత్రంతా పులియబెట్టి తాగుతారు కదా. పులిస్తే ఫైటేట్ విరిగిపోతుంది, అందులో ఉన్న ఐరన్ ఒంటికి ఎక్కువ పడుతుంది. మొలకెత్తించినా అంతే. హాస్టల్లో అప్పటికప్పుడు పొడి కలిపి ఉడికించే జావకి ఆ లాభం లేదు.

ఉసిరికాయ, నిమ్మకాయ గురించి అందరూ చెప్తారు. అది నిజమే, కానీ ఎక్కడ నిజమో తెలుసుకోవాలి. ఆకుకూర, పప్పు, చోళ్ళు వీటిలోని ఐరన్ తొందరగా ఒంటికి పట్టని రకం. భోజనంలోనే సి విటమిన్ ఉంటే దాన్ని పట్టే రకంగా మార్చి, ఫైటేట్ చేతికి చిక్కకుండా చూస్తుంది. అందుకే పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, అన్నంతో పచ్చి ఉసిరికాయ ముక్క కొరుక్కోవడం, భోజనం అవ్వగానే జామకాయ తినడం మంచిది. నిమ్మకాయ పొయ్యి మీద ఉండగా పిండకండి, వేడికి సి విటమిన్ పోతుంది. మాత్రలో ఉన్న ఐరన్ మాత్రం ముందే పట్టే రకంలో ఉంటుంది. దానికి సి విటమిన్ కలిపితే వచ్చే లాభం తక్కువ. మెడికల్ షాపులో సి విటమిన్ బిళ్ళలకి వేరే డబ్బులు పెట్టనక్కర్లేదు. ఆ డబ్బుతో గుడ్లో, ఎండు చేపలో కొనుక్కోండి. కొంచెం చేపైనా, మాంసమైనా ఉంటే ఆ భోజనంలో మిగతా తిండి ఐరన్ కూడా బాగా పడుతుంది.

ఇంకొక్క సంగతి. ఒక పూట మర్చిపోయామని మర్నాడు నాలుగు మింగేయకండి. ఒంటికి ఐరన్ అందగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని వదులుతుంది, అది పేగు తలుపు మూసేస్తుంది. ఆ తలుపు దాదాపు ఒక రోజంతా సగం మూసే ఉంటుంది. ఎక్కువ మింగితే ఒంటికి పట్టేది అంతగా పెరగదు, కడుపునొప్పి మాత్రం పెరుగుతుంది. ఈ కారణంగానే కొందరు డాక్టర్లు, కడుపు అసలు తట్టుకోనివాళ్ళకి రోజు విడిచి రోజు వేసుకోమంటారు. అది మీ డాక్టరుతోనో, ఏఎన్ఎమ్ అక్కతోనో మాట్లాడి మార్చుకోండి, మాలాగ గదిలో తీర్మానం చేసి కాదు.

మూలమంచం పిల్ల మళ్ళీ రాత్రి టైముకి వచ్చేసింది. మర్చిపోకుండా మాలో ఒకరం వంతులవారీగా ఎదురుగా నిలబడి మింగించేవాళ్ళం. మాత్రకి మంచినీళ్ళే, ఇంకేమీ లేదు. టీ పొద్దున్న స్టడీ అవర్ ముందు, టిఫిన్‌కి గంట ముందుకి జరిగింది. ఇందుకు వంట అక్కని బతిమాలాల్సి వచ్చింది. "మీకోసం రెండుసార్లు పొయ్యి ఎలిగించాలా" అని గొణిగి చివరికి ఒప్పుకుంది. అక్టోబర్‌లో 10.5. నవంబర్‌లో 11.5, అప్పటికి అడవిలో ఉసిరికాయలు కూడా వచ్చాయి. డిసెంబర్‌లో 12.2. సున్నం తినడం ఎప్పుడు మానేసిందో మేమూ చూడలేదు, అదీ చూసుకోలేదు.

12 దాటాక ఆపేస్తానంది. డాక్టరు వద్దన్నారు. రక్తంలో అంకె బాగైనా, ఒంట్లో ఐరన్ దాచుకునే గాదె ఇంకా ఖాళీగానే ఉంటుందట. ఆ గాదె నిండడానికి రోజుకి ఒకటి చొప్పున ఇంకో మూడు నెలలు వేసుకోమన్నారు. మార్చి దాకా వేసుకుంది, తర్వాత మా అందరితోపాటు సోమవారం మాత్ర.

ఇంటికి తీసుకెళ్ళే మాత్రల సంగతి మర్చిపోయేవాళ్ళం. నీలంగా, గులాబీరంగులో, పైన తీపి పూతతో ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలు పిప్పరమెంట్లు అనుకుంటారు. చిన్న పిల్లాడు పదో పదిహేనో మింగితే ప్రాణానికే ముప్పు. మొదట వాంతులై, కాసేపటికి బాగున్నట్టే కనిపించి తర్వాత పాడవుతారు, కాబట్టి బాగానే ఉన్నాడని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గూట్లో కాదు, పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి.

కిటికీ కింద నీలం చారికలు ఆ వానలకే కడుక్కుపోయాయి. వాటి చోట సిమెంటు మీద తుప్పు రంగు మరక మిగిలింది. గాలి తగిలితే తుప్పు, గంధకం తగిలితే నలుపు అని అక్క దాన్ని చూపించి చెప్పింది. పోయిన సంవత్సరం సర్టిఫికెట్ల కోసం హాస్టల్‌కి వెళ్ళినప్పుడు వెనక్కి వెళ్ళి చూశాం. మరక ఇంకా ఉంది. అక్కడిప్పుడు కొత్త పిల్లలు బట్టలు ఆరేసుకుంటున్నారు, ఆ మరకేంటని మమ్మల్నే అడిగారు.